రంధ్రం మారదు, షాఫ్టే మారాలి

రీమర్ కోసేది ఒక్కటే సైజు. షాఫ్టునైతే గ్రైండింగ్‌లో కావలసినంతకు దించవచ్చు. అందుకే రంధ్రాన్ని స్థిరంగా ఉంచి, షాఫ్టు కొలతతోనే ఫిట్ ఎంచుకుంటారు.

25 మి.మీ. హెచ్7 రంధ్రం 25.000 నుంచి 25.021 దాకా ఉండొచ్చు. బుష్‌లో తిరిగే షాఫ్టుకు జి6 ఇస్తే, అది 24.993 దాటదు, నూనె పొరకు కనీసం 7 మైక్రాన్ల సందు దక్కుతుంది. పి6 షాఫ్టు 25.022కు తగ్గదు కాబట్టి ప్రెస్‌తో దించాల్సిందే.

చిక్కంతా కె6తోనే: 25.002 నుంచి 25.015. ఒక జోడీ మెత్తని సుత్తితో తడితేగానీ దిగదు, మరోదానిలో 19 మైక్రాన్ల వదులుంటుంది. గేరు కేంద్రం తప్పకూడదు, మళ్లీ విప్పాలి కూడా అన్నచోట నేను దీన్నే ఎంచుకుంటాను. కానీ తిప్పే బలాన్ని కీ మోయాలి. కీ లేకపోతే గేరు షాఫ్టు మీద జారుతుంది. విప్పి చూస్తే రంధ్రంలో గీతలు, ఎర్రటి పొడి కనిపిస్తాయి.