బారసాలకు బాలింతకేం తెచ్చారు?

బారసాలకు వెళ్లేవాళ్లంతా గౌన్లు, వెండి గిన్నెలు కొంటారు. ఆ గౌన్లు మూడు నెలలకే బిడ్డకు పట్టవు. బాలింతకేమో సరిగ్గా కూర్చోవడమే కష్టం. ఆ మాట పైకి చెప్పుకోలేదు.

సాధారణ కాన్పులో కుట్లు పడిన తల్లికి సిట్జ్ బాత్ టబ్ ఇవ్వండి. కమోడ్ మీద అమరే ప్లాస్టిక్ తొట్టి అది, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. గోరువెచ్చని నీళ్లు పోసి, రోజుకు రెండు మూడుసార్లు 10 నిమిషాల చొప్పున కూర్చుంటే నొప్పి నెమ్మదిస్తుంది. నీళ్లలో ఏ మందూ కలపక్కర్లేదు. తర్వాత మెత్తని బట్టతో అద్దాలి, రుద్దకూడదు. నొప్పి రోజురోజుకూ పెరిగినా, చీము, దుర్వాసన, జ్వరం కనిపించినా తొట్టితో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించాలి.

సిజేరియన్ కుట్లకు ఈ తొట్టితో పని లేదు. ఆ తల్లికి వారానికి రెండు రాత్రులు ఆయాను పెట్టి, డబ్బులు మీరే కట్టండి. గుడ్డలు మార్చడం, జోకొట్టడం ఆయా చూసుకుని, పాలకు మాత్రమే బిడ్డను పక్కలోకి అందిస్తుంది. కోత పచ్చిగా ఉన్నప్పుడు మంచం దిగి వంగాల్సిన పని అలా తప్పుతుంది. వెండి గిన్నె అన్నప్రాసనకు ఇవ్వొచ్చు.