'రేట్లు పెరిగినయ్ సార్' అంటే సరిపోతుందా?

'సార్ అన్నీ పెరిగినయ్. ఒకటో తారీఖు నుంచి 300 ఎక్స్‌ట్రా. అడ్జస్ట్ చేసుకోండి.'

నెలాఖరు రాత్రి పదకొండింటికి ఫోనులో ఇలాంటి మెసేజ్ కనిపిస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? పంపినాయన పొగరుబోతేమీ కాదు. పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి, గిన్నెలు కడిగించి, రేపటి కూరగాయలకు లెక్క చూసుకుని, నిద్రకళ్లతో నాలుగు ముక్కలు కొట్టి పంపాడు. చదివినవాళ్లకు మాత్రం అది హుకుం జారీ చేసినట్టే ఉంటుంది.

బర్కత్‌పుర, నారాయణగూడ, చిక్కడపల్లి గల్లీల్లో ఇళ్లకూ గదులకూ భోజనం క్యారియర్లు పంపే చిన్న వ్యాపారాలకు గిరాకీ ఎక్కువే. అశోక్‌నగర్‌లో పోటీపరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు, పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లు, వంటకు తీరిక దొరకని ఉద్యోగులు... వీళ్లందరికీ నెల బడ్జెట్‌లో 300 అంటే పట్టించుకోవాల్సిన మొత్తమే. అందుకే ధర పెంచే కబురు ఎలా రాస్తున్నామన్నది చూసుకోవాలి.

బర్కత్‌పురలో అలాంటి భోజనశాల ఒకటి ఉందనుకుందాం. భార్యాభర్తలిద్దరూ వండుతారు, క్యారియర్లు ఇచ్చిరావడానికి ఓ కుర్రాడున్నాడు. మధ్యాహ్నం ఒక్కపూటే అయితే నెలకు రూ.3,000, రెండు పూటలా అయితే రూ.5,400. పై మెసేజ్‌ను మర్యాదగా మార్చాలంటే చాలామంది చేసే పని... ముందు 'గౌరవనీయులైన ఖాతాదారులకు' అని చేర్చి, చివర్లో 'మీ సహకారానికి ధన్యవాదాలు' అని తగిలించడం. దాంతో మెసేజ్ పొడుగవుతుందే తప్ప సందేహాలు తీరవు. 'ఇందుమూలంగా తెలియజేయడమేమనగా' అంటే ఇంకా అన్యాయం, అన్నం పెట్టేవాళ్లు కరెంటు బిల్లు పంపినట్టుంటుంది.

అసలు చిక్కు భాషలో లేదు. ఆ 300 ఎవరికి? యజమాని మనసులో ఒక్కపూట వాళ్లకు 300, రెండు పూటల వాళ్లకు 500 అని ఉంది. మెసేజ్‌లో అది లేదు. రెండు పూటలా తినేవాళ్లు 300 అనే అనుకుంటారు. ఒకటో తారీఖున 200 దగ్గర తేడా వచ్చి, ఏమీ తెలియని క్యారియర్ కుర్రాడు గేటు దగ్గర మాటలు పడతాడు. పైగా ఎక్స్‌ట్రా అంటే ఈ ఒక్క నెలకా, ఇకముందు ప్రతినెలా? అదీ చెప్పలేదు.

ఇంకో మెలిక ఉంది. అందరూ ఒకటిన చేరరు. పన్నెండున చేరి డబ్బు కట్టినవాళ్లకు వచ్చేనెల పదకొండు దాకా లెక్క ఉంటుంది. వాళ్లు మధ్యలో తేడా కట్టాలా? అడిగితే యజమాని కూడా తడుముకుంటాడు. ఎందుకంటే ఆయనా ఆలోచించలేదు. నోటీసు తిరగరాయడంలో సగం పని ఇలాంటి ప్రశ్నలు ఆయన్ను అడగడమే. లెక్క వేసి చూస్తే భయపడాల్సిందేమీ లేదు. అలా నెల మధ్యలో ఉన్న ఒక్కపూట ఖాతాలు 20 అనుకుంటే, సగటున ఒక్కొక్కరికి సగం నెల, అంటే రూ.150. మొత్తం వదులుకునేది రూ.3,000. అదీ ఒక్కసారికే. ఇరవై గుమ్మాల దగ్గర వాదనకన్నా ఇది చౌక.

ఇక కారణం. 'అన్నీ పెరిగినయ్' అంటే ఏమీ చెప్పనట్టే. అలాగని మరీ వివరంగా 'నూనె మీద సుంకం పెరిగింది కాబట్టి' అని రాస్తే అదో తలనొప్పి. కేంద్రం 2024 సెప్టెంబరులో వంటనూనెల దిగుమతి సుంకం పెంచింది. ముడినూనెల విషయంలో 2025 మే నెలాఖరున ప్రాథమిక సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి దించింది కూడా. హోటళ్లు వాడే 19 కిలోల సిలిండర్ ధరనూ మామూలుగా ప్రతినెలా ఒకటిన సవరిస్తుంటారు. ఓ నెల పెరుగుతుంది, ఓ నెల తగ్గుతుంది. ధరను ఏదో ఒక్క సరుకుకు ముడిపెడితే, అది తగ్గిన రోజున 'మరి మీరెప్పుడు తగ్గిస్తారు?' అని అడిగే హక్కు వాళ్లకు ఇచ్చినట్టే. మొత్తం ఖర్చు గురించి ఒక్కమాట, పాత ధర ఎంతకాలంగా ఉందో ఇంకోమాట... రెండూ నిజమే అయి ఉండాలి.

ఇవన్నీ తేల్చుకున్నాక రాస్తే నోటీసు ఇలా తయారవుతుంది:

'గమనిక: మా భోజనం క్యారియర్ల ధర మార్చి 1 నుంచి మారుతోంది. మధ్యాహ్నం ఒక్కపూట నెలకు రూ.3,000 బదులు రూ.3,300. రెండు పూటలా అయితే రూ.5,400 బదులు రూ.5,900. ఇప్పటికే డబ్బు కట్టినవారికి ఆ గడువు పూర్తయ్యేదాకా పాత ధరే. అన్నం, కూరల కొలతలో మార్పు లేదు. సరుకులు, గ్యాస్, జీతాల ఖర్చు పెరిగినా ఏడాదిన్నరగా ధర పెంచలేదు, ఇక కుదరడం లేదు. అన్నం వద్దు, కూరలు చాలనుకునేవారికి ఒక్కపూట నెలకు రూ.2,300. సందేహాలుంటే మధ్యాహ్నం 3 నుంచి 5 లోపు ఈ నంబరుకు ఫోన్ చేయండి.'

ఇందులో బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. పాత ధర, కొత్త ధర పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఎవరూ వేళ్ల మీద లెక్కపెట్టుకోనక్కర్లేదు. కొలత గురించిన వాక్యం చిన్నదే అయినా అందరూ వెతికేది దానికోసమే. ఒకవేళ కూర గిన్నె చిన్నది చేస్తుంటే ఆ మాటా అక్కడే రాయాలి. ధర పెంచితే గొణిగి ఊరుకునేవాళ్లు కూడా, చెప్పకుండా కూర తగ్గిస్తే క్యారియరే మార్చేస్తారు. 'కూరలు మాత్రమే' అన్న వాక్యమూ ఊరికే పెట్టింది కాదు. కుక్కర్లో అన్నం పడేసుకుని కర్రీపాయింట్ నుంచి కూర తెచ్చుకోవడం హైదరాబాద్‌కు ఎప్పుడో అలవాటైంది. 3,300 పెట్టలేనివారు పూర్తిగా మానేయకుండా అందులోకి మారొచ్చు.

రెండు జాగ్రత్తలు. క్యారియర్‌తో పాటు పెరుగు ప్యాకెట్, నీళ్ల సీసా ఇస్తుంటే వాటిని 'కొత్త ధర'లో చేర్చి పెంచకూడదు. ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర దాటి అమ్మితే తూనికలు, కొలతల చట్టం ప్రకారం తప్పు. అలాగే చాలామంది అలవాటుగా 'జీఎస్టీ అదనం' అని రాసేస్తారు. ఏడాదికి కోటిన్నరలోపు టర్నోవరుండి కాంపొజిషన్ పథకంలో చేరినవాళ్లు కొనేవాళ్ల నుంచి పన్ను విడిగా వసూలు చేయడానికి వీల్లేదు. జీఎస్టీ నమోదే లేనివాళ్లకూ అంతే.

పంపడంలోనూ కిటుకుంది. వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకరి అభ్యంతరానికి పదిమంది వంత పాడతారు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెడితే ఎవరి ఫోనుకు వాళ్లకే విడిగా వెళుతుంది. కానీ మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది. మిగతావాళ్లకు వెళ్లదు. ఒకే టిక్కు దగ్గర ఆగిపోయిన పేర్లు చూసుకుంటే ఎవరికి చేరలేదో ఓ అంచనా వస్తుంది. ఫోను చూడని పెద్దవాళ్లూ ఉంటారు కదా! అందుకే అదే నోటీసును పెద్ద అక్షరాల్లో చీటీగా ప్రింటు తీయించి, క్యారియర్ మూత మీద అంటించి పంపడం మేలు. మార్చి 1న మారే ధరకు ఫిబ్రవరి 10, 12 తేదీల్లో ఓసారి, చివరివారంలో మరోసారి. రెండోసారి పంపేటప్పుడు మాటలు మార్చకూడదు. ఒక్క అంకె తేడా వచ్చినా రెండు నోటీసులూ పక్కపక్కన పెట్టి చూపించేవాళ్లుంటారు.