నలభై కిలోమీటర్లు ఎక్కువ, ఒక రోజు ఆలస్యం

2024 సెప్టెంబరు 1న మున్నేరు, పాలేరు పొంగాయి. నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికి నీళ్లొచ్చాయి. గరికపాడు దగ్గర పాలేరు వంతెన పక్కన రోడ్డు కోసుకుపోయింది. విజయవాడ, హైదరాబాద్ మధ్య బండ్లను గుంటూరు, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా మళ్లించారు. అలాంటి రోజున ఏలూరులో ఓ చిన్న తివాచీల తయారీదారు డీసీఎం బండికి లోడు ఎత్తించి ఉంటే, హైదరాబాద్‌లో ఆ సరుకు కోసం ఎదురుచూస్తున్న ఫంక్షన్ హాలు మేనేజరుకు ఏమని ఉత్తరం రాయాలి? ఈ ఉదాహరణ కల్పితమే. రోడ్లు మాత్రం నిజమైనవే.

చాలామంది రాసేది ఒక్క వాక్యం: 'వర్షాల వల్ల రోడ్డు మూసేశారు, సరుకు కాస్త ఆలస్యమవుతుంది, సహకరించగలరు.' ఇందులో అబద్ధం లేదు, కానీ చదివినవారికి పనికొచ్చేదీ లేదు. తివాచీ పరిచే కూలీలను సోమవారం రమ్మని చెప్పిన మేనేజరు వాళ్లను వద్దనాలా, ఆపాలా? ఆ సంగతి తేల్చుకోవడానికి ఆయనకు ఒక వేళ కావాలి, ఆ వేళ మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో తెలియాలి.

ముందు దూరం చూద్దాం. ఏలూరు నుంచి విజయవాడ మీదుగా ఎల్బీనగర్‌కు మామూలు దారిలో సుమారు 325 కిలోమీటర్లు. మళ్లింపు దారిలో విజయవాడకు 60, అక్కడి నుంచి గుంటూరుకు 35, గుంటూరు నుంచి పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లికి దాదాపు 190, అక్కణ్నుంచి ఎల్బీనగర్‌కు 80. మొత్తం 365. అంటే పెరిగింది నలభై కిలోమీటర్లే. ఈ అంకె ఒక్కటే రాస్తే మేనేజరుకు కోపం రావడం న్యాయమే. నలభై కిలోమీటర్లంటే గంట ప్రయాణం, దానికి రోజు ఆలస్యమేమిటని ఆయన అడుగుతారు.

జవాబు దూరంలో లేదు, వేగంలో ఉంది. లోడుతో ఉన్న డీసీఎం మంచి రోడ్డు మీద, టోల్ గేట్లూ ఊళ్లూ కలుపుకుని, గంటకు 40 కిలోమీటర్ల సగటు లెక్కన వెళ్తుంది. ఫోన్‌లో మ్యాప్ చూపే సమయం కారు ప్రయాణానికి లెక్కగట్టింది; దాన్ని అలాగే ఉత్తరంలోకి ఎక్కిస్తే మాట తప్పినట్టే. ఇక హైదరాబాద్ రహదారి మీది బండ్లన్నీ ఒక్కసారిగా గుంటూరు, నార్కట్‌పల్లి దారి పట్టిన రోజున ఆ 190 కిలోమీటర్లలో సగటు 20, 25కు పడిపోతుందని లెక్క వేసుకోవడం మేలు. అంటే ఆ ఒక్క భాగానికే ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర గంటలు. మిగతా 175 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలు. దీనికి డ్రైవరు భోజనం, విశ్రాంతి కలపాలి. 2024లో అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం అయిదు గంటల పని తర్వాత కనీసం అరగంట విరామం ఇవ్వాల్సి ఉండేది. వానలో, రాత్రిపూట, ఇరుకు రోడ్డు మీద అరగంట చాలదు. అన్నీ కలిపి రెండు గంటలు రాసుకోవడం నిజాయతీ అని నా అభిప్రాయం. డ్రైవరు నిద్రను కోసేసి సమయం చూపించే అంచనా ఎవరికీ మంచిది కాదు.

ఆదివారం మధ్యాహ్నం 2కు బండి కదిలితే మామూలుగా రాత్రి 11కు ఎల్బీనగర్ చేరాలి. ఈ లెక్కన సోమవారం తెల్లవారుజామున 4, 6 మధ్య చేరుతుంది. ఆలస్యం అయిదు నుంచి ఏడు గంటలు. అయితే నగరంలో భారీ సరుకు బండ్లకు పగలు ఆంక్షలుంటాయి. ఏ బండికి ఏ వేళలన్నది పోలీసుల ఉత్తర్వులను బట్టి ఉంటుంది. మన బండికి రాత్రి 11 నుంచి ఉదయం 7 వరకే అనుమతి అనుకుందాం. 4కు చేరిన బండి నగరం దాటి హాలుకు వెళ్లి 7లోపు సరుకు దింపగలదు. 6కు చేరినది దింపలేదు. అది నగరం అంచున ఆగి మళ్లీ రాత్రి 11 దాకా కాచుకోవాలి. రెండు గంటల తేడా ఒక రోజు అయ్యేది ఇక్కడే. ఉత్తరంలో ఈ ముక్క లేకపోతే మిగతా లెక్కంతా చదివినా మేనేజరుకు అర్థం కాదు.

కాబట్టి ఉత్తరం ఇలా ఉండవచ్చు:

*మేనేజరు గారికి, నమస్కారం.*

*మీ తివాచీల లోడు ఈ మధ్యాహ్నం 2 గంటలకు ఏలూరు నుంచి బయల్దేరింది. నందిగామ దగ్గర రోడ్డు మూసేయడంతో బండి గుంటూరు, మిర్యాలగూడ మీదుగా వస్తోంది. దూరం 40 కిలోమీటర్లే ఎక్కువైనా ఆ దారిలో రద్దీ వల్ల ఎల్బీనగర్ చేరేసరికి రేపు తెల్లవారుజామున 4 నుంచి 6 గంటలు కావచ్చు. బండి అర్ధరాత్రిలోపు మిర్యాలగూడ దాటితే రేపు ఉదయం 7లోపు మీ హాలు దగ్గర దింపుతాం. దాటకపోతే పగలు నగరంలోకి రానివ్వరు గనక మంగళవారం తెల్లవారుజామున దింపుతాం.*

*పరిచే కూలీలను మంగళవారానికి మార్చుకోమని నా మనవి. సోమవారమే వస్తే సరుకును దింపి, మీ హాల్లో పొడిగా ఉన్న చోట పెట్టిస్తాం. ఈ రాత్రి 12 గంటలకు బండి ఎక్కడుందో మీ ఫోనుకు మెసేజ్ పెడతాను. డ్రైవరు నంబరు కూడా అందులోనే ఉంటుంది.*

ఇందులో క్షమాపణ కంటే మిర్యాలగూడ పేరుకు విలువ ఎక్కువ. ఆ ఊరికి అవతల ఇంకా 140 కిలోమీటర్లుంది. అర్ధరాత్రికి దాటిన బండి నాలుగున్నరకు ఎల్బీనగర్‌లో ఉంటుంది. అంటే ఫలితం తెల్లారాక కాకుండా రాత్రే తేలిపోతుంది. అలాంటి గుర్తు లేకుండా 4 నుంచి 6 అని మాత్రమే రాస్తే మేనేజరు 4నే గుర్తుపెట్టుకుంటారు. మనిషి స్వభావం అది.

ఉత్తరం పంపేముందు తయారీదారు తన వైపు చూసుకోవాల్సింది ఈ-వే బిల్లు. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు. 325 అయినా 365 అయినా రెండు రోజులే. ఆదివారం తీసిన బిల్లులో మొదటి రోజు సోమవారం అర్ధరాత్రితో, రెండోది మంగళవారం అర్ధరాత్రితో ముగుస్తాయి. మంగళవారం తెల్లవారుజామున దింపినా ఇబ్బంది లేదు. కానీ చాలామంది లోడు ఎత్తే రోజునే, అంటే శనివారమే బండి నంబరుతో సహా బిల్లు తీసేస్తారు. అప్పుడు గడువు సోమవారం అర్ధరాత్రికే అయిపోతుంది, సరిగ్గా బండి నగరంలోకి వెళ్లే వేళకు. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల వరకు పొడిగించుకునే వీలుంది. ప్రకృతి వైపరీత్యమనే కారణం అక్కడే ఎంచుకోవచ్చు. సోమవారం సాయంత్రమే ఆ పని చేస్తే రాత్రి తనిఖీలో బండి ఆగిపోయి మరో ఆలస్యం పుట్టదు.

వానలో అంతసేపు నిలిచిన బండిలో ఉన్ని తివాచీకి టార్పాలిన్ ఒక్కటే రక్షణ. చుట్ట కొసల దగ్గర చెయ్యిపెట్టి చూస్తే తడి తెలిసిపోతుంది. తడి తగిలిన చుట్టను ఆ రోజే విప్పి ఆరబెట్టాలి. అలాగే ఉంచితే ముక్క వాసన పడుతుంది. అర్ధరాత్రి మెసేజ్‌లో ఇది కూడా చేర్చాలి: 'బండి ఇంకా మిర్యాలగూడ దాటలేదు, సోమవారం రాదు. మంగళవారం ఉదయం 7లోపు దింపుతాం. చుట్టల కొసలు మీవాళ్లు ముట్టుకుని చూశాకే సంతకం పెట్టండి, తడి ఉంటే అక్కడే రాయండి.'