నాలుగు మూలల్లో 160 కణాలు

తెల్ల రక్తకణాలను చేత్తో లెక్కపెట్టే ల్యాబుల్లో ఒక మందపాటి గాజు పలక కనిపిస్తుంది. పేరు న్యూబార్ చాంబర్. దాని మధ్యలో, కంటికి సరిగా ఆనని సన్నని గీతలతో తొమ్మిది చదరపు గళ్లు చెక్కి ఉంటాయి. ఒక్కో గడి ఒక మిల్లీమీటరు పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు. పైన కవర్ గ్లాసు పెడితే గాజుకు, గళ్లకు మధ్య సరిగ్గా మిల్లీమీటరులో పదోవంతు సందు మిగులుతుంది. అంటే ఒక్కో గడి మీద నిలిచే ద్రవం 0.1 మైక్రోలీటరు. ఆ కాస్త ద్రవంలో ఎన్ని కణాలున్నాయో తెలిస్తే, మిగతాదంతా గుణకారమే.

తెల్లకణాల కోసం 20 మైక్రోలీటర్ల రక్తాన్ని 380 మైక్రోలీటర్ల టర్క్ ద్రావణంలో కలుపుతారు. అందులోని ఎసిటిక్ ఆమ్లం ఎర్రకణాలను విచ్ఛిన్నం చేస్తుంది. జెన్షియన్ వయొలెట్ తెల్లకణాల కేంద్రకాలకు లేత ఊదా రంగు పట్టిస్తుంది. రక్తం ఇప్పుడు ఇరవై రెట్లు పలచబడింది. నాలుగు మూలల గళ్లకు నాలుగు ఫోటోలు తీసి, కంప్యూటర్ తెర మీద పెట్టి లెక్కిస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. నాలుగు ఫోటోల్లో 38, 44, 41, 37 కణాలు వచ్చాయి. మొత్తం 160, గడికి సగటున 40. గడిలో ఉన్నది 0.1 మైక్రోలీటరే కాబట్టి పది పెట్టి గుణిస్తే 400. రక్తాన్ని ఇరవై రెట్లు పలచన చేశారు కాబట్టి మళ్లీ ఇరవై పెట్టి గుణిస్తే 8,000. మైక్రోలీటరు రక్తంలో 8,000 తెల్లకణాలని రిపోర్టులో రాస్తారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఫోటోలో ఒక్క కణం ఎక్కువో తక్కువో లెక్కపెడితే రిపోర్టులో 50 తేడా వస్తుంది.

ఆ తేడా ముందుగా దూరేది గడి అంచుల నుంచి. గీత మీద కూర్చున్న కణం లోపలిదా, బయటిదా? ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి ప్రకారం పై గీతను, ఎడమ గీతను తాకినవి లెక్కలోకి వస్తాయి. కింది గీతను, కుడి గీతను తాకినవి రావు. ఫోటో తిరగబడి ఉన్నా ఫర్వాలేదు. పక్కపక్కనున్న రెండు అంచులు లోపలికి, మిగతా రెండు బయటికి అన్న పద్ధతిని చివరిదాకా మార్చకుంటే చాలు. గీత మూడు సన్నని గీతలుగా కనిపించే చోట నడిమి గీతే హద్దు.

ఈ నియమం పాటించకపోతే ఎంత నష్టం? తాకిన కణాలన్నింటినీ కలుపుకుంటే గడి తన అసలు పరిమాణం కన్నా పెద్దదైనట్టే. తెల్లకణం వ్యాసం సుమారు 10 మైక్రాన్లు అనుకుంటే, మిల్లీమీటరు గడికి కలిసేది రెండు శాతమే, అంటే 160లో మూడు కణాలు. కానీ ఆ పెద్ద గడిలోనే పదహారు చిన్న గళ్లుంటాయి. చాలామంది ఆ చిన్న గళ్లను ఒక్కొక్కటిగా లెక్కించి చివర్లో కూడుతారు. అప్పుడు రెండు గళ్ల మధ్య గీత మీదున్న కణం అటూ ఇటూ రెండుసార్లు లెక్కకొస్తుంది. తప్పు ఎనిమిది శాతానికి పెరుగుతుంది. 160 కాస్తా 173 అవుతుంది, రిపోర్టులో 8,650 పడుతుంది. ఎర్రకణాలను లెక్కించే మధ్య గడిలో అతి చిన్న గళ్లు 50 మైక్రాన్లవే. అక్కడ ఇదే పొరపాటు చేస్తే లెక్క ముప్పై శాతం దాకా ఉబ్బుతుంది. గడి ఎంత చిన్నదైతే అంచు అంత ప్రమాదం.

ఈ తప్పును పట్టుకోవడానికి ఫోటో గొప్ప సాయం. మైక్రోస్కోపులోంచి చూస్తూ వేలితో కౌంటర్ నొక్కేటప్పుడు ఏ కణాన్ని లెక్కించారో గుర్తు మిగలదు. ఫోటోలో ప్రతి కణం మీదా ఒక చుక్క పెట్టవచ్చు. ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అందుకు సాధనం ఉంది, చుక్కల సంఖ్యను అదే చెబుతుంది. చుక్కలు పెట్టిన ఫోటోను రెండో మనిషి చూస్తే, గీత మీది కణాన్ని ఎక్కడ రెండుసార్లు గుర్తించారో, ఏ మూలలో ఒకదాన్ని వదిలేశారో వెంటనే తెలిసిపోతుంది.

అయితే ఫోటోకు ఒక పెద్ద లోపమూ ఉంది. ఫోకస్ తిప్పడానికి వీల్లేదు. చాంబర్ లోతు 100 మైక్రాన్లు. పది రెట్ల ఆబ్జెక్టివ్‌లో ఒకసారికి స్పష్టంగా కనిపించే పొర అందులో పదోవంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ద్రవం నింపగానే ఫోటో తీస్తే కొన్ని కణాలు ఇంకా మధ్యలో తేలుతూ, మసక మచ్చల్లా కనిపిస్తాయి, లేదా అసలు కనిపించవు. అందుకే నింపాక రెండు మూడు నిమిషాలు ఆగి, కణాలు అడుక్కి చేరాక, అడుగునున్న గీతల మీద ఫోకస్ పెట్టి తీయాలి. మరీ ఆలస్యమైతే అంచుల నుంచి ద్రవం ఆరిపోతూ కణాలను ఒక పక్కకు లాగేస్తుంది. గీతలు పదునుగా ఉండి కణాలు మసకగా ఉన్నాయంటే తొందరపడ్డారని అర్థం. రంగు నలక కూడా ఇలాగే మోసం చేస్తుంది. మైక్రోస్కోపు దగ్గరైతే మరను కాస్త తిప్పి అది కణమో నలకో తేల్చుకోవచ్చు. ఫోటోలో ఆ వీలు లేదు గనుక, ఒకే చోటును రెండు మూడు లోతుల్లో తీసి పెట్టుకునే ల్యాబులదే తెలివైన పని.

అంచులు సరిచూశారు, ఫోకస్ బాగుంది, ఒక్క కణాన్నీ వదల్లేదు. అయినా 160 అన్న సంఖ్య కచ్చితం కాదు. దీన్ని తేల్చి చెప్పింది వైద్యుడు కాదు, బీరు కంపెనీ ఉద్యోగి. డబ్లిన్‌లోని గిన్నిస్ సంస్థలో విలియం గాసెట్‌కు ఈస్టు కణాలను లెక్కించాల్సిన అవసరం వచ్చింది. తొట్టిలో ఈస్టు ఎంత వేస్తున్నారో తెలియకపోతే బీరు నాణ్యత నిలవదు. ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో 1907లో బయోమెట్రికా పత్రికలో ఆయన ప్రచురించిన వ్యాసం అచ్చంగా ఈ చాంబర్ లెక్కలో దొర్లే తప్పు గురించే. ఒక చదరపు మిల్లీమీటరులోని 400 చిన్న గళ్లలో ఏ గడిలో ఎన్ని కణాలున్నాయో ఓపికగా రాసుకున్నారు. ఒక ద్రావణంలో గడికి సగటు 4.68. కానీ ఇరవై గళ్లలో ఒక్కొక్క కణమే ఉంది, రెండు గళ్లలో పన్నెండేసి ఉన్నాయి. ద్రావణం ఒక్కటే, లెక్కించిన తీరూ ఒక్కటే. కణాలు ఎక్కడ పడితే అక్కడ యాదృచ్ఛికంగా పడటం వల్ల వచ్చిన తేడా అది.

ఈ తేడాకు ఒక కొలత ఉంది. లెక్కించిన మొత్తానికి వర్గమూలం కడితే మామూలుగా ఎంత ఊగిసలాట ఉంటుందో తెలుస్తుంది. 160కి వర్గమూలం దాదాపు 12.6. దానికి రెట్టింపు అటూ ఇటూ వేసుకుంటే, అదే రక్తంతో చాంబర్‌ను మళ్లీ మళ్లీ నింపినప్పుడు నూటికి తొంభై అయిదు సార్లు మొత్తం 135కూ 185కూ మధ్య వస్తుంది. రిపోర్టు భాషలో చెప్పాలంటే 6,750 నుంచి 9,250 దాకా. నిన్న 8,000 ఉన్నది ఇవాళ 7,200కు పడిందని కంగారుపడే రోగికి ఈ ఒక్క లెక్క తెలిస్తే సగం భయం పోతుంది. కీమోథెరపీ తర్వాత నాలుగు గళ్లలో కలిపి 16 కణాలే కనిపిస్తే పరిస్థితి వేరు. వర్గమూలం 4 గనుక, 800 అని రాసిన చోట అసలు సంఖ్య 400 కావచ్చు, 1,200 కావచ్చు. అలాంటప్పుడు తొమ్మిది గళ్లూ లెక్కించాలి, లేదా రక్తాన్ని తక్కువ పలచన చేయాలి. ఎంత శ్రద్ధగా చూసినా ఈ తేడా తగ్గదు. ఎక్కువ కణాలను లెక్కిస్తేనే తగ్గుతుంది.

ఇదే కొలత మరో పనికీ వస్తుంది. గడికి సగటు 40 ఉంటే ఒక్కో గడి సుమారుగా 27కూ 53కూ మధ్య ఉండాలి. మన నాలుగు సంఖ్యలూ అందులోనే ఉన్నాయి. వాటి బదులు 62, 41, 33, 24 వచ్చాయనుకోండి. మొత్తం మళ్లీ 160, రిపోర్టు మళ్లీ 8,000. కానీ ఆ రిపోర్టును నమ్మకూడదు. 62, 24 రెండూ యాదృచ్ఛికంగా వచ్చే తేడాను దాటిపోయాయి. రక్తం సరిగా కలవలేదో, చిన్న గడ్డ కట్టి కణాలు గుంపుగా పడ్డాయో, ద్రవం ఒక పక్కకు పారిందో అయి ఉండాలి. చాంబర్ కడిగి మళ్లీ నింపాల్సిందే.

మరి నాలుగు గళ్లలోనూ 40, 40, 40, 40 వస్తే? అదీ అనుమానించాల్సిందే. ఎర్రకణాల లెక్కలను పరిశీలించిన బెర్క్‌సన్, మగాత్, హర్న్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు 1935లో ఈ సంగతే బయటపెట్టారు. గళ్ల మధ్య తేడా ఫలానా హద్దు దాటకూడదని పాఠ్యపుస్తకాలు పెట్టిన నియమం, యాదృచ్ఛికంగా రావాల్సిన తేడా కన్నా ఇరుకైనది. ల్యాబు సిబ్బంది సంఖ్యలేమో ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. మొదటి గడిలో 40 చూసిన కంటికి రెండో గడిలో 38 దగ్గర మరో రెండు మచ్చలు కణాల్లానే తోస్తాయి. ఎవరూ మోసం చేయక్కర్లేదు. అందుకే ఫోటోలను కలగాపులగం చేసి, ముందు గడి సంఖ్య కనపడకుండా లెక్కించడం మేలు.

ఇక కొన్ని తప్పులు ఫోటో తీయకముందే జరిగిపోతాయి. పిపెట్ మొనకు బయట అంటిన రక్తాన్ని తుడవకపోతే 20కి బదులు 22 మైక్రోలీటర్లు కలవవచ్చు, లెక్క పది శాతం పెరుగుతుంది. ద్రవం పొంగి కవర్ గ్లాసును వంద మైక్రాన్ల మీద పది మైక్రాన్లు పైకి లేపినా అంతే. ఇవి నాలుగు గళ్లనూ సమానంగా పెంచుతాయి కాబట్టి ఫోటోలు చక్కగా కనిపిస్తాయి, సంఖ్యలు ఒకదానికొకటి సరిపోతాయి, వర్గమూలం పరీక్ష కూడా నెగ్గుతాయి. వీటిని పట్టుకునే దారి ఒక్కటే. రక్తాన్ని మళ్లీ మొదటి నుంచి పలచన చేసి, చాంబర్ రెండో వైపు నింపి, రెండు ఫలితాలనూ పోల్చాలి.

అలా పోల్చినా బయటపడనిది మరొకటుంది. పుట్టిన బిడ్డల్లోనూ, థలసేమియా ఉన్నవాళ్లలోనూ ఇంకా కేంద్రకం పోని ఎర్రకణాలు రక్తంలో తిరుగుతుంటాయి. టర్క్ ద్రావణంలో ఆ కేంద్రకం కరగదు, ఊదా రంగు పట్టి తెల్లకణంలాగే కనిపిస్తుంది. పది రెట్ల ఆబ్జెక్టివ్‌లో తీసిన ఫోటోలో వాటిని వేరుచేయడం కష్టం. అప్పుడు స్లైడు మీద రక్తాన్ని పూతగా పరిచి, రంగు వేసి, నూరు తెల్లకణాలకు అలాంటి ఎర్రకణాలు ఎన్ని ఉన్నాయో చూస్తారు. ఇరవై అయిదు ఉంటే 8,000ను 100తో గుణించి 125తో భాగించాలి. అప్పుడు రిపోర్టులో రాయాల్సింది 6,400.