ఆదుకున్నారు బావగారూ, సాధించావు తల్లీ!

ఒక అమ్మాయికి మెడికల్ కాలేజీలో సీటొచ్చింది. ఫీజు గడువు ముంచుకొస్తుంటే ఆమె మేనత్త భర్త డబ్బు సర్దారు. ఆ సాయంత్రం తండ్రి ఫోన్ చేసి, ‘బావగారూ, సమయానికి ఆదుకున్నారు. మీ మేలు మరిచిపోలేను’ అన్నాడు. కూతురు ఫోన్ అందుకుని, ‘మామయ్యా, మీరు పంపకపోతే సీటు చేజారిపోయేదే’ అంది. అవతలి నుంచి ఆయన, ‘నాదేముందమ్మా, కష్టపడింది నువ్వు. శభాష్ తల్లీ, అనుకున్నది సాధించావు!’ అన్నారు.

ఈ మాటల్లోంచి పిలుపులు తీసేసి చూడండి. ‘ఆదుకున్నారు’, ‘సాధించావు’ మిగులుతాయి. ఎవరు పెద్దో, ఎవరు చిన్నో అప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. తెలుగులో ‘మీరు’, ‘నువ్వు’ చాలాసార్లు పైకి అననే అనం, క్రియ చివరే ఆ పని చేసిపెడుతుంది. కాబట్టి పిలుపూ క్రియా ఒక దారిన నడవాలి. ‘బావగారూ, చాలా సాయం చేశావు’ అంటే మొదట ఇచ్చిన మర్యాదను చివర్లో లాగేసుకున్నట్టే. మెసేజ్ టైప్ చేసే తొందరలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. పంపే ముందు ప్రతి వాక్యంలో చివరి మాట ఒక్కటి చూసుకుంటే దొరికిపోతుంది.

‘థాంక్స్’ సంగతి వేరు. అందులో క్రియ లేదు. పొరుగింటి పెద్దాయనతో ఒట్టి ‘థాంక్స్’ అంటే పుల్ల విరిచినట్టుంటుంది, ‘థాంక్సండీ’ అంటే సరిపోతుంది. అదే ‘అండి’ని సొంత బాబాయి దగ్గర వాడితే చాలా ఇళ్లలో ఆయన మొహం అదోలా అయిపోతుంది. అయినవాళ్లకు వరసే మర్యాద: ‘థాంక్స్ బాబాయ్’. దానికన్నా ఆయన చేసిన పనిని చెప్పడం ఇంకా బాగుంటుంది. ‘నువ్వు దగ్గరుండి చూసుకున్నావు కాబట్టి పెళ్లి గట్టెక్కింది బాబాయ్’ అన్నాక విడిగా కృతజ్ఞతలు అక్కర్లేదు. ఇక్కడ ‘నువ్వు’ చనువే గానీ అగౌరవం కాదు. తెలంగాణలో ‘కాకా, నువ్వుండవట్టి పనైంది’ అంటే అందులో లోటేమీ లేదు. అన్నిచోట్లా ‘మీరు’ అంటేనే మర్యాద అనుకునేవాళ్లు తమ ఊరి అలవాటును తెలుగంతటికీ కొలబద్ద చేస్తున్నారు.

చిన్నవాళ్లను అభినందించేటప్పుడు ఇబ్బంది తిరగబడుతుంది. అక్కడ మర్యాద ఎక్కువైతేనే తేడా కొడుతుంది. ఆ మామయ్యే ‘మీరు చాలా బాగా చదివారండీ’ అని ఉంటే ఆ పిల్ల ‘కోపమొచ్చిందా మామయ్యా?’ అని అడిగేది. ‘బాగా చదివావురా’, ‘బాగా రాశావోయ్’, ‘గెలిచావమ్మా’ అన్నప్పుడు ఆ తోకల్లోనే ముద్దంతా ఉంటుంది. అయితే ‘రా’, ‘ఓయ్’ బాగా ఎరిగినవాళ్ల మధ్యే చెల్లుతాయి. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడిని నలుగురిలో ‘అదరగొట్టావురా’ అంటే మెప్పు కాస్తా చులకనగా వినబడవచ్చు. అక్కడ ‘చాలా బాగా చేశారు’ అనడమే క్షేమం.

ఇంకో సంగతి, కొన్ని మాటలు పైనుంచి కిందికే ప్రవహిస్తాయి. ‘శభాష్’, ‘ఆశీస్సులు’ అలాంటివి. పుట్టినరోజు ప్రకటనల్లో పిల్లల పేరు ముందు ‘చి.’ అనీ, అడుగున ‘ఆశీర్వదించువారు’ అని తాతయ్య, నానమ్మల పేర్లూ వేస్తారు. తాతగారి షష్టిపూర్తికి మనవడు ఫ్యామిలీ గ్రూపులో ‘మీకు నా ఆశీస్సులు’ అని పెడితే నవ్వులపాలే. అతను పెట్టాల్సింది నమస్కారం. శుభాకాంక్షలు మాత్రం ఎటైనా వెళతాయి.

వయసొక్కటే చూస్తే ఈ లెక్క తప్పుతుంది. అల్లుడు తన కొడుకు ఈడువాడే అయినా చాలామంది అత్తగార్లు అతనికి ఉద్యోగంలో పెద్ద హోదా వస్తే ‘చాలా సంతోషం అల్లుడుగారూ, అనుకున్నది సాధించారు’ అంటారు. వియ్యంకులిద్దరూ, ఎవరు చిన్నయినా, ఒకరికొకరు ‘బావగారూ’. చుట్టరికమే వాళ్లను పైమెట్టు మీద కూర్చోబెట్టింది.

పదవి కూడా అంతే. ఒకప్పుడు తన చేత బెత్తం దెబ్బలు తిన్న విద్యార్థి పెద్ద అధికారి అయి బడి వార్షికోత్సవానికి వస్తే, మాస్టారు మైకులో ‘మన బడికి పేరు తెచ్చారు’ అంటారు. (మాస్టారు అన్నాక మళ్లీ ‘గారు’ తగిలించనక్కర్లేదు, ఆ మాటలోనే ఉంది.) వేదిక దిగాక ‘నువ్వు’ అనొచ్చా అని ఆయన తటపటాయిస్తారు. ఆ చిక్కు విప్పాల్సింది చిన్నవాడే. ‘మీరు నన్ను మీరు అనకండి మాస్టారూ, ఎప్పట్లాగే నువ్వు అనండి’ అని అతను అడిగితే, ఆయన హాయిగా ‘బాగా పైకొచ్చావురా’ అనేస్తారు. మాస్టారిని ‘మీరు’ నుంచి దించే హక్కు మాత్రం ఆ అధికారికి లేదు.