వంద ఎంబీపీఎస్ ఉన్నా కాల్ ఎందుకు తెగుతోంది?

రాత్రి ఎనిమిది దాటితే హైదరాబాద్‌లో చాలా ఫ్లాట్లలో ఇదే వరస. హాల్లో టీవీలో 4కే సినిమా, ఒక గదిలో ఆఫీసు వీడియో కాల్, ఇంకో గదిలో డల్లాస్‌లోని మనవరాలితో అమ్మమ్మ కబుర్లు, మంచం మీద పిల్లాడి ఆన్‌లైన్ ఆట. గుమ్మం దగ్గరి కెమెరా, వైఫై బల్బులు సరేసరి. టీవీకి 25 ఎంబీపీఎస్, కాల్స్‌కు తలా మూడు నాలుగు, మిగతాదంతా చిల్లర. మొత్తం కలిపినా 40 దాటదు. ప్లాన్ చూస్తే వంద. అయినా అమ్మమ్మ "వినబడుతోందా తల్లీ?" అని అరుస్తూనే ఉంటుంది.

చిక్కు వేగంలో లేదు, వంతులో ఉంది. వైఫైలో ఒక చానల్ మీద ఒకసారికి ఒక్క పరికరమే మాట్లాడాలి. ప్రతిదీ ముందు గాలిలో చప్పుడు లేదని నిర్ధారించుకుని, కాసేపు ఆగి, అప్పుడు పంపుతుంది. చేరినట్టు రసీదు రావాలి. పిల్లాడి ఆట పంపే ప్యాకెట్ వంద బైట్లే అనుకుందాం. 600 ఎంబీపీఎస్ లింకు మీద ఆ వంద బైట్లు పోవడానికి రెండు మైక్రోసెకన్లు కూడా పట్టదు. కానీ ఆ ఎదురుచూపు, ముందస్తు సంకేతం, రసీదు కలిస్తే వంద మైక్రోసెకన్లు దాటిపోతాయి. సరుకు కన్నా కిరాయి ఎక్కువన్నమాట.

వైఫై 6తో వచ్చిన ఓఎఫ్‌డీఎంఏ చేసే పని ఈ కిరాయిని పంచడం. ఒక్కరి కోసం ఆటో మొత్తం మాట్లాడుకునే బదులు షేర్ ఆటో ఎక్కించినట్టు, 20 మెగాహెర్ట్జ్ చానల్‌ను తొమ్మిది ముక్కల దాకా, 80 మెగాహెర్ట్జ్ చానల్‌ను 37 ముక్కల దాకా చేసి, ఒకే విడతలో పలు పరికరాలకు పంపుతుంది. పరికరాలు తిరిగి పంపేటప్పుడు కూడా ఎవరు ఏ ముక్కలో పంపాలో రౌటరే చెప్పగలదు. కాల్స్, ఆటలు, చాటింగ్ వంటి చిన్న ప్యాకెట్లకు ఇది బాగా పనికొస్తుంది. వాటికి ఆలస్యం తగ్గుతుంది. సినిమా డౌన్‌లోడ్ మాత్రం దీనివల్ల వేగం పుంజుకోదు. ఇంకో మెలిక: పక్క ఫ్లాట్ రౌటర్ అదే చానల్‌లో ఉంటే, దానికి మన రౌటర్ వంతులు కేటాయించలేదు.

బీమ్‌ఫార్మింగ్ కొత్తదేం కాదు, వైఫై 5 నాటికే కుదురుకుంది. రౌటర్ పరీక్ష సంకేతం పంపితే ఫోన్ దాన్ని కొలిచి జవాబిస్తుంది. ఆ లెక్కతో రౌటర్ తన యాంటెన్నాల తరంగాలు ఫోన్ దగ్గర ఒకదానికొకటి తోడయ్యేలా సర్దుతుంది. ఒక గది అవతల ఉన్న ఫోన్‌కు లాభం కనిపిస్తుంది. ఎదురుగా ఉంటే అవసరమే లేదు, రెండు కాంక్రీటు గోడలు అడ్డొస్తే పెద్దగా ఒరిగేదీ లేదు. పైగా ఇది రౌటర్ నుంచి ఫోన్‌కు వెళ్లే దారికే. అమ్మమ్మ గొంతు అటు చేరాలంటే ఫోన్ పంపే బలహీన సంకేతమే దిక్కు.

ఇదే కిటుకుతో ఒకే క్షణంలో వేర్వేరు ఫోన్లకు వేర్వేరు డేటా పంపడమే మల్టీ యూజర్ మైమో. అట్ట పెట్టె మీద దీని పేరు ఘనంగానే ఉంటుంది. ఇంట్లో మాత్రం దీని షరతులు కుదరడం కష్టం: సంకేతం బాగుండాలి, ఫోన్లు వేర్వేరు దిక్కుల్లో ఉండాలి, కదలకూడదు. ఫోన్ పట్టుకుని వంటింట్లోకి నడిస్తే పాత కొలత చెల్లదు. చిన్న ఫ్లాట్‌కు దీని కోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ.

వీటన్నిటికీ గండికొట్టేది పాత పరికరం. పాత ల్యాప్‌టాప్ ఒకటి మూల గదిలో 6 ఎంబీపీఎస్‌కు పడిపోయిందనుకోండి. 1500 బైట్ల ప్యాకెట్‌కు అది రెండు మిల్లీసెకన్లు గాలిని ఆక్రమిస్తుంది. 600 ఎంబీపీఎస్ ఫోన్‌కు ఆ సరుకే 20 మైక్రోసెకన్ల పని. వైఫై 6 తెలియని పరికరం ఆ ముక్కల పంపకంలో చేరదు, అది మాట్లాడినంతసేపూ మిగతావన్నీ ఆగాల్సిందే.

కొత్త రౌటర్ కొనేముందు ఒక పరీక్ష. ఇల్లంతా సందడిగా ఉన్న వేళ, కాల్ తెగే గదిలోనే ల్యాప్‌టాప్‌లో ఈ రెండూ నడపాలి. మొదటిది రౌటర్ చిరునామా, మీ ఇంట్లో వేరే ఉంటే అది రాయాలి.

```
ping 192.168.1.1
ping 8.8.8.8
```

మొదటిదే వంద, రెండు వందల మిల్లీసెకన్లకు ఎగబాకుతుంటే తప్పు ఇంట్లో గాలిది. రౌటర్ మార్చితే ఫలితం ఉండొచ్చు. మొదటిది ఐదులోపు ఉండి రెండోదే ఎగబాకితే అడ్డంకి రౌటర్ అవతల, బ్రాడ్‌బ్యాండ్ లైనులో ఉంది. ఎంత ఖరీదైన రౌటరైనా దానికి మందు కాదు.

గాలి తప్పే అయినా ముందు టీవీకి లాన్ వైరు పెట్టి చూడాలి. చాలా టీవీల పోర్టు వేగం వంద ఎంబీపీఎస్సే, 4కే సినిమాకు అది చాలు. ఇంట్లోకెల్లా పెద్ద బరువు గాలి మీద నుంచి దిగిపోతుంది. ఆ తర్వాత కూడా కొత్త రౌటర్ కావాలనిపించి కొంటే, సెట్టింగుల్లో OFDMA ఆన్‌లో ఉందో లేదో చూడాలి. కొన్నిట్లో అది ఆఫ్‌లోనే వస్తుంది. ఆన్ చేశాక పాత బల్బులు, కెమెరా కనెక్షన్ వదిలేస్తుంటే, 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రం దాన్ని ఆఫ్ చేసి, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వాడే 5 గిగాహెర్ట్జ్‌లో ఉంచుకోవచ్చు.