రాగి పైపులో మిగిలిపోయే గాలి

మైక్రాన్ గేజిలో అంకె 420కి దిగింది. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు గ్యాస్ వాల్వులు తెరవడానికి అప్పటికే అలెన్ కీ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఆగరా. ముందు గొట్టం వాల్వు మూసి, పంపు ఆపి, పది నిమిషాలు చూద్దాం."

"వాక్యూమ్ వచ్చేసింది కదన్నా?"

వచ్చింది, కానీ నిలవలేదు. అంకె 600 అయింది, 1100 అయింది, 1900 దాటింది, ఇంకా పెరుగుతూనే ఉంది.

అది టన్నున్నర స్ప్లిట్ ఏసీ, ఆర్‌-32 గ్యాస్. ఇండోర్ యూనిట్ హాల్లో, ఔట్‌డోర్ యూనిట్ డాబా మీద. మధ్యలో పావు ఇంచి పైపు, అర ఇంచి పైపు జంటగా నడుస్తాయి. గోడ కన్నం బయటికి కాస్త వాలుగా కొట్టడం, డ్రెయిన్ పైపు దిగువకు పోనివ్వడం మావాడికి బాగానే పట్టుబడ్డాయి. తడబడేదల్లా పైపు దగ్గరే.

పైపు ఎంత పొడవైనా లాగొచ్చనుకుంటారు. ఆ మోడల్ పుస్తకంలో 15 మీటర్లు మించకూడదని ఉంది. పొడవు పెరిగేకొద్దీ దారిలో పీడనం తగ్గి చల్లదనం పడిపోతుంది. గ్యాసుతో పాటు పైపుల్లో తిరిగే ఆయిల్ కంప్రెసర్‌కి సరిగా తిరిగి చేరదు. మరీ పొట్టిగా, 3 మీటర్లకు తక్కువగా వేస్తే కంప్రెసర్ అదురు లోపలి గదిలో వినిపిస్తుంది. ఫ్యాక్టరీలో నింపిన గ్యాస్ 5 మీటర్లకు సరిపోతుందని, ఆపైన మీటరుకు 20 గ్రాములు కలపాలని కూడా అందులోనే రాశారు. మేం వేసింది 9 మీటర్లు, అంటే 80 గ్రాములు అదనం. ఈ లెక్కలు మోడల్‌ని బట్టి మారతాయి కాబట్టి పుస్తకం పారేయకూడదు.

ఇక పంపు సంగతి. కొందరు మెకానిక్‌లు పంపు పెట్టకుండా, యూనిట్‌లో ఉన్న గ్యాస్ కొంచెం వదిలి దాంతో గాలిని బయటికి తోసేస్తారు. అయిదు నిమిషాల పని. కానీ గాలి కొంత లోపలే ఉండిపోతుంది, అది గ్యాసులా ద్రవంగా మారదు కాబట్టి పీడనం పెరిగి కరెంటు బిల్లు మీద పడుతుంది. అంతకంటే చెడ్డది తేమ. అది ఆయిల్‌తో కలిసి ఆమ్లం తయారై కంప్రెసర్ వైండింగును మెల్లగా తినేస్తుంది. పైగా ఆర్‌-32 కొద్దిగా మండే గుణమున్న గ్యాస్, దాన్ని గదిలోకి వదలడం మంచిది కాదు.

పంపు తేమను పీల్చదు, ఆవిరి చేస్తుంది. పీడనం తగ్గేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. బయటి గాలి పీడనం దాదాపు 7,60,000 మైక్రాన్లు. 32,000 దగ్గరకు దిగేసరికి 30 డిగ్రీల గదిలో నీళ్లు వాటంతటవే మరుగుతాయి. అక్కడికి చేరేసరికే మామూలు గేజి ముల్లు చివరికి దగ్గరపడిపోతుంది. పైపు ఆరిందో లేదో అది చెప్పలేదు. అందుకే మైక్రాన్ గేజి పెట్టి 500 కిందికి దించుతాం.

పంపు ఆపాక అంకె కొంత పెరిగి ఒకచోట ఆగిపోతే లోపల తేమ మిగిలిందని, ఇంకాసేపు పంపు నడపాలని అర్థం. మాకులా ఆగకుండా ఎగబాకితే ఎక్కడో లీకు.

గొట్టాల బిగింపులు చూసుకుని, పైపుల్లోకి నైట్రోజన్ మెట్లు మెట్లుగా ఎక్కించి, జాయింట్లకు సబ్బునీళ్లు రాశాం. (ఇందుకు ఆక్సిజన్ సిలిండర్ ముట్టుకోకూడదు. ఆయిల్ తగిలితే పేలుతుంది.) ఇండోర్ వైపు అర ఇంచి నట్టు దగ్గర సన్నటి నురగ. నైట్రోజన్ వదిలేసి నట్టు విప్పితే, ఫ్లేర్ లోపలి ముఖం మీద వెంట్రుకంత గీత.

కట్టరుతో కోసినప్పుడు పైపు అంచు లోపలికి మడుచుకుంటుంది. ఆ రజను గీకి తీయాలి, అదీ పైపు మూతి కిందికి వంచి, లేకపోతే రాగి పొట్టు లోపల పడుతుంది. మావాడు గీకకుండానే ఫ్లేర్ చేశాడు. కొత్తగా ఒక్కో ఫ్లేరుకు ఇంత అదనం పడుతుందనే నేను పైపు చివర ఓ జానెడు మిగిల్చి ఉంచుతాను.

వాడే మళ్లీ కోశాడు, గీకాడు. నట్టు ముందే ఎక్కించుకున్నాడు, ఫ్లేర్ చేశాక ఎక్కదు మరి. మూతి విచ్చుకుని అడ్డంగా 16 మిల్లీమీటర్లు కాస్త దాటింది, అంచంతా ఒకే వెడల్పు. చిన్నదైతే జారుతుంది, పెద్దదైతే నట్టులో ఇరుక్కుంటుంది. ఫ్లేర్ మీద ఒక చుక్క ఆయిల్ రాసి, ముందు చేత్తో తిప్పి, తర్వాత రెండు స్పానర్లతో బిగించాడు. అర ఇంచికి సుమారు 55 న్యూటన్ మీటర్లు, పావు ఇంచికి 16 చాలు. బలం చూపిస్తే ఫ్లేర్ పల్చబడి చీలుతుంది.

మళ్లీ నైట్రోజన్, మళ్లీ సబ్బునీళ్లు. ఈసారి నురగ లేదు. అరగంట పంపు నడిపితే 380. ఆపాక 460కి వచ్చి అక్కడే నిలబడింది. సిలిండర్‌ని తూకం మీద పెట్టి 80 గ్రాములు దిగనిచ్చి, అలెన్ కీ వాడి చేతికిచ్చాను.